ఎక్కడ ఆగారు?

"బాగుందండీ. చాలా బాగుంది," అన్నాడు లెక్కల టీచరు, చప్పట్లు ఇంకా ఆగకముందే.

"గుండెను పిండేశారు," అన్నాడు ఇన్సూరెన్సు ఆయన.

"మన సంఘానికే గర్వకారణం," అంటూ కార్యదర్శి పుస్తకంలో టిక్కు పెట్టుకుని, "తర్వాత ఎవరు?" అన్నాడు.

అంతే. మందుల షాపు ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఏడు నెలలు కూర్చుని రాసిన కవిత. దాని గురించి జనం మాట్లాడింది అర నిమిషం.

లైబ్రరీ మేడ మీది ఆ గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం పదిమంది దాకా కూడతారు. గోడ పొడుగునా పాత పేపర్ల కట్టలు, మధ్యలో ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల, మూలుగుతూ తిరిగే ఫ్యాను. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు బాగుందంటారు. ఆ మిగతావాళ్ళ వంతు వచ్చినప్పుడు ఈ చదివినాయన బాగుందంటాడు. మూడేళ్ళుగా ఆవిడ అక్కడికి వస్తోంది. ఇన్నాళ్ళలో ఆ గదిలో బాగోలేని కవిత ఒక్కటీ పుట్టలేదు. మరి ఆవిడ ఇదే కవితను మూడు పత్రికలకు పంపితే రెండు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకున్నాయి. మూడోది, "ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం" అని అచ్చేసిన చీటీ ఒకటి జతచేసి తిప్పి పంపింది. ఎందుకు చింతిస్తున్నారో, ఎక్కడ చింతించారో ఆ చీటీలో లేదు.

బాగుంటే వేసుకోరేం? బాగోకపోతే ఆ బాగోలేనిదేదో ఎక్కడుంది? ఈ రెండు ముక్కలూ ఆవిడ బుర్రలో రోజూ గానుగెద్దులా తిరుగుతున్నాయి.

కవిత వాళ్ళ నాన్న మీద. ఆయన ఇరవై రెండేళ్ళు బస్సు నడిపాడు. ఆవిడకు పదకొండేళ్ళప్పుడు ఒకరోజు బస్సు కింద ఒక మనిషి పడి చనిపోయాడు. విచారణలో డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. అయినా ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. డిపో స్టోర్సులో బెల్టులూ బోల్టులూ అందించే పనికి మార్పించుకుని, అక్కడే రిటైరయ్యాడు. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఆ రోజు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు కూడా.

ఆదివారం గదిలో ఆవిడ లెక్కచేసే మనిషి ఒక్కడే. కామాల మాస్టారు. ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ముప్ఫై ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఎవరి కాగితం చేతికొచ్చినా ముందు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి కామా ఒకటి పెడతాడని ఆ పేరు. ఏడాదికి రెండో మూడో కవితలు రాస్తాడు. ఎనిమిది పంక్తులకు మించవు. వినగానే నోరు మూతపడుతుంది. ఆ రోజు సభలో ఆయన నోరు విప్పలేదు. అందుకే మెట్ల దగ్గర పట్టుకుంది.

"మాస్టారూ, మీరేం అనలేదు. ఈ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తీరిగ్గా చదివి ఎలా ఉందో చెప్పండి. మొహమాటం వద్దు."

"సరేనమ్మా," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వారం రోజులు ఆవిడకు షాపులో చెయ్యి పని మీదుంది గానీ మనసు లేదు. దగ్గు మందు అడిగినవాళ్ళకు దురద మందు తీసి, మళ్ళీ నాలిక కరుచుకుని లోపల పెట్టింది. ఆదివారం రాగానే గంట ముందే వెళ్ళి కూర్చుంది. మాస్టారు వచ్చి కాగితం చేతికిచ్చాడు.

"బాగుందమ్మా."

ఆవిడ కాగితం విప్పింది. రెండు ఎర్ర కామాలు. ఒకచోట ఒత్తు తప్పు దిద్దాడు. అంతే.

ఇంటికొచ్చి సంచి విసిరేసింది. మీటర్ రీడింగులు తీసే ఉద్యోగం చేసే భర్త, బూట్లు విప్పుకుంటూ సంగతంతా విన్నాడు.

"బాగుందన్నాడుగా. ఇంకేం కావాలి నీకు? బాగోలేదంటే ఏడుస్తావు, బాగుందంటే కసురుతావు."

"మీకు అర్థం కాదు లెండి."

"నాకు కాదు సరే. ఆయనకు అర్థమయ్యేలా చెప్పావా నీకేం కావాలో?"

ఆవిడకు ఒళ్ళు మండింది. మరునాడు మధ్యాహ్నం షాపులో పనమ్మాయిని కూర్చోబెట్టి, తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఒక గది మొత్తం పుస్తకాలు, ఇంకో గదిలో మంచం కింద కూడా పుస్తకాలే. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎవరిదో పెళ్ళి శుభలేఖ ప్రూఫు చూస్తున్నాడు.

"మాస్టారూ, మిమ్మల్ని మొహమాటం వద్దన్నాను. మీరు కూడా వాళ్ళలాగే బాగుందంటే నేను ఎవరి దగ్గరకు పోవాలి?"

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "కూర్చో. రోడ్డు మీద ఎవరైనా కనపడి 'బాగున్నావా' అంటే నువ్వేమంటావు?"

"బాగున్నానంటాను."

"మోకాళ్ళ నొప్పులున్నా?"

"ఉన్నా. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"'బాగుందా' అని అడిగితే జనం ఆ పలకరింపుకే జవాబు చెప్తారు. నేనూ అదే చెప్పాను. నువ్వు నన్ను కవిత గురించి అడగలేదమ్మా. కుశలం అడిగావు."

"ఎలా ఉందో చెప్పమన్నాను!"

"ఎలా ఉందంటే ఏం చెప్పను? ఇరవై ఆరు పంక్తులున్నాయి. అందులో నీకు ఎక్కడ అనుమానం? ఏది తెలియాలి? నువ్వు రాసేటప్పుడు ఎక్కడ తడబడ్డావో నీకు తెలుసు, నాకు తెలీదు. నేను నా ఇష్టమొచ్చినచోట గోకితే నీ దురద తీరదు." మళ్ళీ కళ్ళజోడు కిందికి దించి, "పోయి ప్రశ్నలు రాసుకురా. కవితతో పాటు ఇవ్వు. అప్పుడు చూద్దాం," అన్నాడు.

ఆవిడ మండుటెండలో నడుచుకుంటూ షాపుకి వచ్చింది. ముసలాయనకు చాదస్తం ముదిరింది అనుకుంది. బాగుందో లేదో చెప్పడానికి ప్రశ్నాపత్రం కావాలట! అయినా రెండు రోజులు ఆగి, మందుల చీటీల వెనక పక్క ప్రశ్నలు రాసింది. ఐదు.

మొదలు ఆకట్టుకుందా? పోలికలు కొత్తగా ఉన్నాయా? రెండో భాగం బిగువుగా ఉందా? ముగింపు మనసుకు తాకిందా? ఇంకోసారి పత్రికకు పంపవచ్చా?

పనమ్మాయి చేత మాస్టారింటికి పంపించింది. సాయంత్రానికల్లా అదే చీటీ తిరిగొచ్చింది. ప్రతి ప్రశ్న పక్కనా ఎర్ర సిరాతో జవాబు.

ఆకట్టుకుంది. ఉన్నాయి. ఉంది. తాకింది. పంపవచ్చు.

ఆవిడ ఆ చీటీని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసింది. కాసేపటికి మళ్ళీ తీసి, చదును చేసి చూసింది. వెటకారం చేస్తున్నాడు. ఇంత వయసొచ్చి, ఇంత చదివి, ఆడమనిషి నానా అవస్థా పడి అడిగితే వెటకారం! ఫోను తీసి కలిపింది.

"మాస్టారూ, చెప్పడం ఇష్టం లేకపోతే లేదనండి. ఆటలాడొద్దు."

"నేనెక్కడ ఆడాను? అడిగినవన్నింటికీ చెప్పాను."

"ముక్తసరిగా ఒక్కో ముక్క పడేశారు."

"నువ్వు ఒక్కో ముక్కే పట్టేలా అడిగావు మరి. చూసుకో, ఐదు ప్రశ్నల చివరా ఒకటే దీర్ఘం. ఉందా, తాకిందా, పంపవచ్చా. ఆ దీర్ఘం తీసేస్తే నువ్వు వినాలనుకుంటున్న జవాబే మిగులుతుంది. తాకింది. పంపవచ్చు. జవాబు నువ్వే రాసి, కింద నన్ను సంతకం పెట్టమంటున్నావు."

ఆవిడ చీటీని మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మన భాషలో ఎక్కడ అని ఒక మాటుంది," అన్నాడాయన. "ఎవరు, ఎందుకు, ఏమిటి అనీ ఉన్నాయి. వాటితో అడిగితే ఔననీ కాదనీ తప్పించుకోలేను. అడిగినవాళ్ళూ తప్పించుకోలేరనుకో. అందుకే ఎవరూ అడగరు."

ఫోను పెట్టేశాక ఆవిడ చాలాసేపు అలమరా అద్దం మీద చెయ్యి ఆన్చి నిలబడింది. మండిపోతోంది గానీ, చీటీలో ఐదు దీర్ఘాలూ వరసగా కనపడుతూనే ఉన్నాయి.

ఆ వారమంతా షాపులో జనం తక్కువగా ఉన్నప్పుడల్లా కవితను తీసి ముందు పెట్టుకుంది. బాగుందా అన్న మాట పక్కన పెట్టి, నాకు ఇందులో నిజంగా తెలియంది ఏమిటి అని చూసుకుంటే మొదట ఏమీ తట్టలేదు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తనే గబగబా చదివేస్తోంది. ఎందుకో తెలీదు. మాట్లాడేది చిన్నపిల్లా, పెద్దయిన కూతురా అన్నది తనే తేల్చుకోలేదు. ప్రమాదం గురించి ఎంత చెప్పాలో తెలియక ఏడు నెలల్లో పదిసార్లు చెరిపింది. మిగిలింది చదివేవాళ్ళకు చాలుతుందో లేదో తనకు తెలిసే దారి లేదు, ఎందుకంటే తనకు కథంతా ముందే తెలుసు.

ఇవి రాయడానికి వారం పట్టింది. పాత ఐదు ప్రశ్నలూ ఒక్క గుక్కలో రాసేసింది.

చివరికి నాలుగు మిగిలాయి. మొదటిసారి చదువుతున్నప్పుడు ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు? ఆ పంక్తుల పక్కన గీత పెట్టండి. ఇందులో ఆయన బస్సు నడపడం ఎందుకు మానేశాడని మీకు అర్థమైంది? మాట్లాడుతున్నది ఎవరు, ఎంత వయసనిపించింది? ఒక్క పంక్తి తీసెయ్యాలంటే ఏది తీస్తారు, ఎందుకు? కింద ఒక మాట కలిపింది. "కామాల సంగతి తర్వాత."

మాస్టారు ఈసారి రెండు రోజులు తీసుకున్నాడు. కబురు పెడితే వెళ్ళింది. ఆవిడ కూర్చోగానే ఆయన వేలు చూపించాడు.

"నేను చెప్పడం అయ్యేదాకా నువ్వు నోరు తెరవకూడదు. నువ్వు పక్కన నిలబడి అర్థం చెప్తుంటే నేను వినేది నిన్ను, కవితను కాదు. రేపు అచ్చయితే ఇంటింటికీ వెళ్ళి చెప్తావా?"

ఆవిడ తలూపింది. పెదాలు బిగబట్టి కూర్చుంది.

"మొదటి ప్రశ్న. తొమ్మిదో పంక్తి దగ్గర వెనక్కి వెళ్ళాను. 'వాన అద్దాన్ని తుడిచింది, దారి ఆయన్ని తుడిచింది.' దారి ఆయన్ని తుడవడమేమిటో అర్థం కాక మళ్ళీ చదివాను. మళ్ళీ చదివినా కాలేదు. ఇక్కణ్ణుంచి పదిహేడు దాకా ఎక్కడా ఆగలేదు. అంటే అంత బాగుందని కాదు, కళ్ళు జారిపోయాయి."

ఆవిడ గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి.

"రెండో ప్రశ్న. ఎందుకు మానేశాడు? రిటైరయ్యాడు."

ఆవిడ అప్రయత్నంగా నోరు తెరిచింది. ఆయన మళ్ళీ వేలెత్తాడు.

"ఉద్యోగం చివరి రోజు. ఆఖరి ట్రిప్పు, వాన, ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు, ఇక రేపటి నుంచి బస్సు లేదు. ఆ దిగులు. నాకు అర్థమైంది అదే. మూడు. మాట్లాడేది మొదట్లో పదేళ్ళ పిల్ల. ఆ పిల్ల బాగా మాట్లాడుతోంది. చివరి ఆరు పంక్తుల్లో ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది, వకీలు ఎవరో వచ్చాడు. 'ఆ చేతులు ఏ పాపమూ ఎరగవు, దారినే అడగండి.' ఎవరో కోర్టులో వాదిస్తున్నట్టుంది. కేసేమిటో నాకు తెలీదు. నాలుగు. నేనైతే 'ఆ రోజు నుంచి చక్రాలు ఆయన కలల్లోనే తిరిగాయి' తీసేస్తాను. ఇలాంటి చక్రాలు చాలా కవితల్లో తిరిగాయి. అయింది. ఇప్పుడు మాట్లాడు."

ఆయన తీసేస్తానన్న ఆ చక్రాల పంక్తి మీదే ఆవిడ కవిత మొత్తం కట్టుకుంది. అది వినే ఇన్సూరెన్సు ఆయన గుండె పిండేశారన్నాడనుకుంది. అంతకంటే రిటైరయ్యాడన్న మాట చెవిలో గింగురుమంటోంది.

"రిటైరవడం కాదు మాస్టారూ," అంది చివరికి. "మనిషి చనిపోయాడు. బస్సు కింద పడి."

మాస్టారు కాగితాన్ని ఆవిడ వైపు తిప్పి, మెల్లగా అడిగాడు. "ఎక్కడ?"

"అంటే?"

"ఏ పంక్తిలో చనిపోయాడమ్మా?"

ఆవిడ వేలు పెట్టి వెతికింది. తొమ్మిది కాదు. పదమూడులో 'ఒక అరుపు వానలో తడిసింది' అని ఉండేది ఒకప్పుడు. మూడో నెలలో కొట్టేసింది. పదహారులో 'ఎర్రబడ్డ దారి' అనుంది, అది సాయంత్రం ఎండేమో అనిపించేలా ఉంది. వేలు కింది దాకా వచ్చింది, మళ్ళీ పైకి పోయింది. లేదు. ఇరవై ఆరు పంక్తుల్లో ఎక్కడా ఆ మనిషి లేడు.

"అందరూ చాలా బాగుందన్నారు కదా," అంది పిచ్చిదానిలా.

"అన్నారు. రిటైర్మెంటు కవిత అనుకుని అన్నారు. నేనూ అందుకే అన్నాను."

ఆవిడ లేచి వచ్చేసింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు.

నాలుగు రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. షాపులో గల్లాపెట్టె సొరుగు దబాలున మూస్తోంది. భర్త పలకరిస్తే పుల్లవిరిచినట్టు జవాబిస్తోంది. మాస్టారి మీద కోపం. సభలో వాళ్ళ మీద అంతకు రెండింతలు. అర్థం కాకుండానే గుండెలు పిండించుకున్నారా వీళ్ళంతా? మూడేళ్ళుగా తను విన్న చప్పట్లన్నీ ఇలాంటివేనా? ఆ మాట తలుచుకుంటే ఇన్నాళ్ళు తను ఇతరులకు కొట్టిన చప్పట్లు కూడా గుర్తొచ్చాయి. టీచరు పోయిన నెల చదివిన కవితలో చివర చెల్లెలు పెళ్ళిచేసుకుని వెళ్ళిందో, చచ్చిపోయిందో తనకు తెలియలేదు. అయినా బాగుందంది.

ఐదో రోజు పొద్దున కోపం కాస్త దిగాక, ఇంకో సంగతి బయటపడింది. ఆ మనిషిని తనే దాచింది. కొట్టేసిన ప్రతిసారీ కవిత బరువెక్కుతోందని, మరీ బట్టబయలు చేయకూడదని తనకు తను చెప్పుకుంది. కానీ అసలు సంగతి వేరు. ఆ మనిషిని రాస్తే నాన్న చదువుతాడు. దాచి, తర్వాత చివరి ఆరు పంక్తుల్లో నాన్న తప్పేం లేదని వాదించింది. మాస్టారు చెప్పిన వకీలు తనే. కేసేమిటో ఆవిడకూ పూర్తిగా తెలీదు, ఆ రోజు గురించి తనకు తెలిసినదల్లా పదకొండేళ్ళప్పుడు తలుపు చాటు నుంచి విన్నదే.

నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని పాత రేడియో వెనక మూత ఊడదీసి తుడుస్తున్నాడు. ఆవిడ పక్కన స్టూలు వేసుకుంది.

"నాన్నా, ఒకటి అడగనా?"

"అడుగమ్మడూ."

నోటిదాకా వచ్చింది, 'ఆ రోజు చాలా బాధపడ్డావా' అని. మింగేసింది. దానికి జవాబు ఔననో కాదనో వస్తుంది, తర్వాత ఇద్దరూ చెరో దిక్కూ చూస్తారు.

"ఆ మనిషి బస్సు కింద పడ్డ రోజు, బ్రేకు వేశాక, నువ్వు ముందు ఏం చేశావు?"

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. ఆవిడకు అడిగినందుకు చెంపలు వాయించుకోవాలనిపించింది. అయినా ఊరుకుంది. మాస్టారి దగ్గర నేర్చిన ఆ ఒక్క పనీ చేసింది, నోరు తెరవలేదు.

"ఇండికేటర్ ఆపలేదు," అన్నాడు చాలాసేపటికి. "టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఆపాలని తెలుస్తోంది. చెయ్యి వెళ్ళలేదు. కండక్టర్ దిగాడు. జనం దిగారు. నేను దిగలేదు."

"ఎంతసేపు?"

"పోలీసులొచ్చి తలుపు తీసేదాకా. అద్దంలోంచి ఒకామె నన్నే చూస్తోంది. ఆమె ఎవరో తెలీదు. అతని తాలూకు మనిషేమో. దిగితే ఆమె దగ్గరికి వెళ్ళాలి కదా." రేడియో మూత ఒళ్ళో పెట్టుకున్నాడు. "తప్పు లేదని రాశారు విచారణలో. అది నాకూ తెలుసు. అతనే పరిగెత్తుకొచ్చాడు. నేను దిగలేదు చూడు, అదే. దాన్ని గురించి ఎవరూ అడగలేదు."

ఆవిడ కళ్ళు నిండాయి. తుడుచుకోకుండా ఇంకోటి అడిగింది. "వాన ఎక్కువగా ఉందా అప్పుడు?"

"వానేంటి? చుర్రుమనే ఎండ."

"వానలో జరిగిందని అమ్మ ఎవరితోనో..."

"ఎండేనమ్మా. స్టీరింగు కాలిపోయేది. గుడ్డ చుట్టుకుని పట్టుకునేవాణ్ణి."

కవిత మొత్తం వానే. తొలి పంక్తి నుంచి చివరిదాకా వాన కురుస్తూనే ఉంది. ఏడు నెలలుగా లేని వానను కురిపించింది ఆవిడ.

"నేను దీని మీద రాస్తున్నాను నాన్నా," అంది. "ఇప్పుడు నువ్వు చెప్పింది రాస్తే నీకు..."

ఆయన గుడ్డతో రేడియో మూత లోపలి దుమ్ము తీశాడు. "దిగలేదని రాయి," అన్నాడు. "దిగాడని మాత్రం రాయకు. జాలి పడేట్టు రాయకు."

మళ్ళీ రాయడం రెండున్నర నెలలు పట్టింది. వాన పోతే కవితలో నిలబడటానికి నేల కూడా మిగల్లేదు. చక్రాల పంక్తిని ఐదుసార్లు వెనక్కి తెచ్చుకుని ఐదుసార్లూ తీసేసింది. వకీలును పంపేసింది. పద్దెనిమిది పంక్తులయ్యాయి. మధ్యలో ఒక ఆదివారం సభలో చదివి, "ఎవరైనా ఒక్కటి చెప్పండి, ఏ పంక్తి దగ్గర మీ ధ్యాస పక్కకు పోయింది?" అని అడిగింది.

"ఏమిటండీ పరీక్ష పెడుతున్నారు?" అని నవ్వాడు కార్యదర్శి. "బాగుంది అంటే చాలదా?"

"చాలదండీ."

ఇన్సూరెన్సు ఆయన మొహం ముడుచుకుని, తర్వాత తన కవిత చదివినప్పుడు ఆవిడ వైపు చూడలేదు. లెక్కల టీచరు మాత్రం మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఐదో పంక్తి దగ్గర నాకు డ్రైవరెవరో, కండక్టరెవరో కలిసిపోయారండీ. 'అతను' అని ఇద్దరికీ వాడారు," అన్నాడు. ఆవిడ అక్కడే కాగితాన్ని గోడకానించి దిద్దుకుంది. మూడేళ్ళలో ఆ గదిలోంచి వచ్చిన మొదటి పనికొచ్చే మాట అది. మొదటి పత్రికకు పంపకముందే ఇలా అడిగి ఉంటే ఎన్ని నెలలు మిగిలేవోనన్న ఉక్రోషంతో ఆవిడ సరిగ్గా థాంక్సు కూడా చెప్పలేకపోయింది.

కొత్త ప్రతిని మాస్టారికి ఇచ్చింది. ఈసారి రెండే ప్రశ్నలు. డ్రైవరు దిగలేదని మీకు ఏ పంక్తిలో తెలిసింది? చదువుతూ ఎక్కడ ఆగారు?

మరునాడే రమ్మన్నాడు. కిటికీ దగ్గర కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్ర పెన్ను మూత కూడా తీయలేదు.

"దిగలేదని పదకొండో పంక్తిలో తెలిసింది. 'ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది, నాన్న సీట్లోనే ఉన్నాడు.' అది చాలు. పధ్నాలుగులో మళ్ళీ 'ఆయన దిగలేదు' అన్నావు. నన్నడిగితే పధ్నాలుగు అక్కర్లేదు."

"అది ఉండాలి మాస్టారూ."

"ఎందుకు?"

"ఆ మాట ఆయన అన్నాడు. ఆయన మాటగా ఉండాలి."

"అది ఆయన అన్న మాటేనని చదివేవాడికి తెలీదు కదా."

"తెలియకపోయినా."

ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. ఆయన రెండుసార్లు చెప్పింది ఒకసారి చెప్పినదానికంటే బలహీనమన్నాడు. ఆవిడ కొన్ని మాటలు రెండోసారి అన్నప్పుడే మనిషి నోటివి అవుతాయంది. చివరికి ఆయన చేతులెత్తేసి, "నువ్వు అడిగావు, నేను చెప్పాను. తీయడమూ ఉంచడమూ నీ ఇష్టం. కవిత నీది," అన్నాడు.

"రెండో ప్రశ్న?"

"పన్నెండు దగ్గర ఆగాను."

పన్నెండో పంక్తిలో అద్దం అవతల నిలబడి చూస్తున్న ఆడమనిషి ఉంది. ఆయనకు మళ్ళీ ఏదో అర్థం కాలేదనుకుంది.

"వెనక్కి వెళ్ళి చదివారా?"

"లేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. కాసేపయ్యాక వచ్చి మిగతాది చదివాను."

"ఎందుకు లేచారు?"

మాస్టారు కాగితాన్ని మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. "అది నీ ప్రశ్నల్లో లేదు," అన్నాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

ఆవిడ మెట్లు దిగుతూ తిట్టుకుంది. ఈ ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయింది? వెనక్కి వెళ్ళి తలుపు కొట్టి అడగాలనిపించింది. గేటు దాకా వెళ్ళి ఆగింది కూడా. మళ్ళీ ఏమనుకుందో, షాపుకి నడిచింది. పనమ్మాయిని టీకి పంపి, కౌంటరు మీద కాగితం పరిచింది. పధ్నాలుగో పంక్తి మీద పెన్ను పెట్టి చాలాసేపు చూసింది. ఎవరో వచ్చి తలనొప్పి మాత్రలడిగితే ఇచ్చి పంపింది. మళ్ళీ పెన్ను తీసుకుని, ఆ పంక్తిని అలాగే వదిలేసి, చదివేవాళ్ళను జాలి పడమంటున్న పదిహేనోది కొట్టేసింది.